తోక తెగిన పేరు: ఫోన్ల పోలిక వీడియోలకు శీర్షిక రాయడం
(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. నన్ను ఇక్కడికి పిలిచినప్పుడు వీడియోలు ఎలా తీయాలో చెప్పమన్నారు. నేను ఒప్పుకోలేదు. కెమెరా ఎక్కడ పెట్టాలి, వెలుతురు ఎటు నుంచి పడాలి అనేవి నాకంటే బాగా చెప్పగలవాళ్లు ఈ గదిలోనే నలుగురైదుగురు కనిపిస్తున్నారు. నేను ఒకే ఒక్క వాక్యం గురించి మాట్లాడతానన్నాను. రెండు ఫోన్లను పక్కపక్కన పెట్టి వారం రోజులు వాడి, ఇరవై నిమిషాల వీడియో చేసి, చివరికి అర నిమిషంలో హడావిడిగా రాసి పడేస్తామే, ఆ శీర్షిక గురించి. "అది కూడా ఒక విషయమేనా?" అని నిర్వాహకులు కాస్త సందేహించారు. నాకు కూడా ఒకప్పుడు ఆ సందేహం ఉండేది. ఒక ఉత్తరం దాన్ని తీర్చింది.

2021లో నేను ఒక పోలిక వీడియో పెట్టాను. అందులో ఒక ఫోను శామ్‌సంగ్ గెలాక్సీ ఏ52. శీర్షికలో Galaxy A52 అని రాశాను. కొన్ని వారాలకు ఒక పెద్దాయన ఉత్తరం రాశారు. "మీ వీడియో చూసే కొన్నాను. మీ చేతిలో తెర మీద అక్షరాలు నీళ్లలా జారుతున్నాయి. నా ఫోనులో అంత నున్నగా లేదు. నాది లోపం ఉన్న ఫోనా? మార్పించుకోవాలా?" అని. నేను ఆయనను సెట్టింగులలో About phone తెరిచి మోడల్ నంబరు పంపమన్నాను. ఆయన పంపింది SM-A525F. నా ఫోను తీసి చూసుకున్నాను. SM-A526B. ఒక అంకె, చివరి అక్షరం, అంతే తేడా. ఆయన ఫోనులో ఏ లోపమూ లేదు. లోపం నా శీర్షికలో ఉంది.

ఏ52 పేరుతో ఆ ఏడాది మూడు ఫోన్లు వచ్చాయి. మొదటిది ఉత్త ఏ52. దాని తెర సెకనుకు 90 సార్లు తాజా అవుతుంది, లోపల స్నాప్‌డ్రాగన్ 720జి చిప్పు. రెండోది ఏ52 5జి. తెర 120 సార్లు, చిప్పు 750జి. ఈ రెండూ మార్చి నెలలోనే ప్రకటించారు. వేసవి దాటాక మూడోది వచ్చింది, ఏ52ఎస్ 5జి. తెర 120 సార్లే కానీ చిప్పు 778జి, ముందు రెండింటికంటే బాగా వేగం. మూడింటినీ బల్ల మీద బోర్లా పెట్టి ఏది ఏదో చెప్పమంటే నేను చెప్పలేను. ఒకే కొలతలు, అదే 64 మెగాపిక్సెల్ కెమెరా, అదే 4500 ఎంఏహెచ్ బ్యాటరీ. కంటికి ఒకే ఫోను. వాడితే మూడు ఫోన్లు.

నా వీడియోలో నాలుగో నిమిషం దగ్గర "ఇది 5జి రకం" అని నోటితో చెప్పాను కూడా. అంటే నేను అబద్ధమాడలేదు. కానీ శీర్షిక చూసి వచ్చిన మనిషి తనకు కావలసిన కెమెరా భాగానికి నేరుగా వెళ్లి, చూసి, తృప్తిపడి, కొనేశారు. నాలుగో నిమిషం ఆయనకు ఎదురుపడనే లేదు.

ఇక్కడ ఒక చిక్కు గమనించండి. ఆ మూడింట్లో మొదటిదానికి పెట్టె మీద ఉన్న పేరు Galaxy A52 మాత్రమే. దానికి 5G, s లాంటి తోక లేదు. పెద్ద కొడుకు పేరే ఇంటిపేరు కూడా అయితే ఎలా ఉంటుంది? ఎవరైనా ఆ పేరు పిలిస్తే పెద్దవాడు పలకాలా, ఇంటిల్లిపాదీ పలకాలా? తోక లేని పేరుతో వచ్చే ఇబ్బంది అదే. అది ఒక ఫోను పేరు, ఒక కుటుంబం పేరు కూడా. చూసేవాళ్లు దాన్ని కుటుంబం పేరుగానే తీసుకుంటారు. "ఏ52 మంచిదట" అని ఒకరికొకరు చెప్పుకుంటారు. కొట్లోకి వెళ్లి ఏ52 అడుగుతారు, దొరికింది తెచ్చుకుంటారు.

అందుకని ఇప్పుడు నేను ఒక చిన్న పరీక్ష పెట్టుకున్నాను. శీర్షికలో రాయబోయే పేరును వెతుకు పెట్టెలో కొడతాను, కానీ వెతుకు నొక్కను. కింద సూచనలు పడతాయి కదా, వాటిని చదువుతాను. నేను కొట్టిన పేరు తరువాత అక్కడ ఏమేమి తగులుతున్నాయి? 5G తగిలిందా, s తగిలిందా, Pro తగిలిందా, Lite తగిలిందా? తగిలిన ప్రతిదీ నా ఫోనుకు తోబుట్టువే. నా పేరు ఇంకో ఫోను పేరుకు మొదటి సగం అవుతోందంటే, ఆ పేరును ఉన్నది ఉన్నట్టు వదిలేయకూడదు. తోక ఉన్న ఫోనయితే తోకతో సహా రాస్తాను. తోక లేని పెద్దవాడైతే నేనే ఒక గుర్తు తగిలిస్తాను. ఏ52 విషయంలో Galaxy A52 4G అని రాస్తాను. పెట్టె మీద 4G అని లేదు, నాకు తెలుసు. అది పేరులో భాగం కాదు, నేను కట్టిన గుర్తు తాడు. వీడియో కింద వివరణలో మొదటి వరుసలో మోడల్ నంబరు పెడతాను. శీర్షికలో మోడల్ నంబరు పెట్టకండి. SM-A525F అని చూస్తే మామూలు మనిషి బెదిరిపోతాడు, కావలసినవాడు ఎలాగూ కిందకు వచ్చి చూస్తాడు.

తోక విషయంలో ఇంకో ప్రమాదం ఉంది. ఫోను తెర మీద శీర్షిక మొత్తం కనిపించదు. ఒకటి రెండు వరుసలు చూపించి, మిగతాది కోసేసి, మూడు చుక్కలు పెడతారు. మీరు ఎంతో జాగ్రత్తగా Galaxy A52s 5G అని రాశారనుకోండి. కానీ ముందు నాలుగు ఊరింపు మాటలు రాసి, ఒక ఫోను పేరు రాసి, దీన్ని చివర పెట్టారు. కోత సరిగ్గా ఎక్కడ పడిందంటే, Galaxy A52 దగ్గర. మామూలు మాట సగంలో తెగితే చదివేవాడికి తెగిందని తెలుస్తుంది. "కెమె" అని ఉంటే కెమెరా అని పూరించుకుంటాడు. ఫోను పేరు తెగితే అది ఇంకో ఫోను పేరైపోతుంది! తెగినట్టే కనిపించదు. అందుకే ఫోను పేర్లు రెండూ ముందే రావాలి, వాటి తరువాతే మిగతా సంగతులు. రెండిట్లో తోక పొడవైన ఫోనును మొదట పెడితే ఇంకా క్షేమం.

ఆ s గురించి ఒక మాట. ఇంగ్లిషు తెలిసినవాళ్లు A52s అని చూసి "ఏ52లు" అనుకునే వీలుంది, బహువచనం అన్నమాట. అందుకని దాని పక్కన 5G ఉంచడం మంచిది. కంపెనీ పేరు కూడా అదే, A52s 5G. ఆ ఫోనులో 4జి రకం లేదు కదా, 5G ఎందుకులే అని కత్తిరించకండి.

సరే, తోక పూర్తిగా రాస్తే గొడవ తీరిపోతుందా? చాలాసార్లు తీరుతుంది. ఒక్కోసారి తీరదు. రెడ్‌మి నోట్ 10 ప్రో కథ వినండి. ఇది కూడా 2021దే. ఆ ఏడాది నాకు అచ్చిరాలేదు! భారతదేశంలో రెడ్‌మి నోట్ 10 ప్రో అంటే వెనుక 64 మెగాపిక్సెల్ కెమెరా ఉన్న ఫోను. 108 మెగాపిక్సెల్ కెమెరా కావాలంటే నోట్ 10 ప్రో మ్యాక్స్ అడగాలి. ఇతర దేశాల్లో చాలా చోట్ల 108 మెగాపిక్సెల్ ఫోనే నోట్ 10 ప్రో. ఇక చైనాలో రెడ్‌మి నోట్ 10 ప్రో అంటే అసలు వేరే ఫోను. చిప్పు డైమెన్సిటీ 1100, తెర కూడా వేరే రకం. అదే ఫోను చైనా బయట పోకో ఎక్స్3 జిటి అనే పేరుతో అమ్మారు. అంటే ఒకే పేరుకు మూడు ఫోన్లు, ఒకే ఫోనుకు రెండు పేర్లు, రెండు రకాల చిక్కూ ఒక్క చోటే.

తెలుగు వీడియోలు ఒక్క దేశంలోనే చూస్తారని మనం అనుకుంటాం. అలా ఏమీ లేదు. తెలుగువాళ్లు లేని దేశం లేదు, వాళ్లు ఫోను కొనేది వాళ్లున్న చోటే. ఇలాంటప్పుడు తోక ఎంత రాసినా లాభం లేదు, ఎందుకంటే తోక కూడా అదే. అప్పుడు ఆ ఫోన్లను విడదీసే ఒక్క లక్షణాన్ని పేరు పక్కన కుండలీకరణంలో పెట్టాలి. Redmi Note 10 Pro (64MP). అంతే. చైనా ఫోనుది కూడా 64 మెగాపిక్సెల్ కెమెరానే, దాన్ని విడదీయాలంటే చిప్పు పేరే రాయాలి. మిగతా రెండింటికీ మెగాపిక్సెళ్లు చాలు, ఎందుకంటే 64కీ 108కీ మధ్య తేడా ఎవరికైనా తెలుస్తుంది, చిప్పుల పేర్లు అందరికీ తెలియవు. రెండు లక్షణాలు పెట్టవద్దు. ఒకటి గుర్తు అవుతుంది, రెండయితే జాబితా అవుతుంది.

ఇంకా చిన్న తప్పు, కానీ తరచుగా కనిపించేది, కంపెనీ పేరు ఎగరగొట్టడం. "నోట్ 10" అంటే అందరికీ తెలుసులే అనుకుంటాం. శామ్‌సంగ్ గెలాక్సీ నోట్10 ఉంది, 2019ది. షావోమీ మి నోట్ 10 ఉంది, అదీ 2019దే. రెడ్‌మి నోట్ 10 ఉంది, ఇన్ఫినిక్స్ నోట్ 10 ఉంది. ఇందులో ఒకటి పెన్నుతో వచ్చే ఖరీదైన ఫోను, ఇంకొకటి తక్కువ ధర ఫోను. ఇంతకంటే దీని గురించి చెప్పను, మీకు అర్థమైపోయింది.

ఇప్పుడు ధర, ఏడాది. ఈ రెండింటినీ విడివిడిగా చెబుతారు అందరూ. నాకు మాత్రం అవి రెండూ ఒకే తాడుకు రెండు కొసల్లా కనిపిస్తాయి. ధర ఎప్పటిది అని అడిగితే ఏడాది చెప్పాలి. ఏడాది ఎందుకు రాశావంటే ధర అప్పటిది కాబట్టి. ఒక పోలికను మొదటి నుంచి చివరి దాకా చూద్దాం, అప్పుడు తెలుస్తుంది. అందరూ ఒకే లెక్కలో ఆలోచించడానికి వీలుగా, విడుదలప్పుడు కంపెనీలు ప్రకటించిన డాలర్ల ధరలే తీసుకుంటాను.

2020 ఆగస్టు. గూగుల్ పిక్సెల్ 4ఎ వచ్చింది, 349 డాలర్లు. అంతకు నాలుగు నెలల ముందు ఏప్రిల్‌లో ఆపిల్ ఐఫోన్ ఎస్ఈ వచ్చింది, 399 డాలర్లు. పోల్చడానికి ఇంతకంటే మంచి జత దొరకదు. మీరు ఆ రెండూ కొని తెచ్చారు. శీర్షిక రాయాలి. సహజంగా చేతికి వచ్చేది ఇది:

"iPhone SE vs Pixel 4a: 400 డాలర్ల లోపు ఏది మేలు?"

చూడడానికి శుభ్రంగానే ఉంది. పేర్లు ముందున్నాయి, కంపెనీలను గుర్తుపట్టవచ్చు, ధర హద్దు ఉంది. ఇందులో తప్పు ఎక్కడుంది? మొదట పేరు చూద్దాం. ఐఫోన్ ఎస్ఈ అనే పేరుతో 2016లోనే ఒక ఫోను వచ్చింది, నాలుగు అంగుళాల తెరతో. 2020లో వచ్చింది 4.7 అంగుళాలది. 2022లో మళ్లీ ఐఫోన్ ఎస్ఈ వచ్చింది, చూపుకు 2020 దానిలాగే ఉంటుంది కానీ లోపల చిప్పు వేరు, 5జి ఉంది. ఆపిల్ వీటిని రెండో తరం, మూడో తరం అంటుంది. కొనేవాళ్లలో తరాలు లెక్కపెట్టేవాళ్లు తక్కువ. ఏడాది అయితే అందరికీ తెలుస్తుంది. అందుకని iPhone SE (2020). ఇక్కడ ఏడాది వీడియోది కాదు, ఫోను పేరులో భాగం. ఇది మనసులో ఉంచుకోండి, మళ్లీ దీని దగ్గరకు వస్తాం.

తరువాత ధర. 399 డాలర్లకు వచ్చే ఎస్ఈలో నిల్వ 64 జీబీ. పిక్సెల్ 4ఎ ఒకే రకంగా వచ్చింది, 128 జీబీ. మీరు న్యాయంగా పోల్చాలని ఎస్ఈ కూడా 128 జీబీదే తెచ్చారనుకోండి. అప్పుడు దాని ధర 449. మీ శీర్షికలో ఉన్నదేమో 400 లోపు! వీడియోలో నిల్వ గురించి మాట్లాడినప్పుడల్లా మీ చేతిలో ఉన్న ఫోనుకు, మీ శీర్షికకు పొసగదు. "400 లోపు" అని చదివి వచ్చినవాడు 128 జీబీ ఎస్ఈ ఆ ధరకే వస్తుందనుకుంటాడు. ఇది ఫోను పేరు తప్పడం కంటే మోసమైన తప్పు, ఎందుకంటే ఎక్కడా అబద్ధం లేదు. ఎస్ఈ 400 లోపే మొదలవుతుంది, నిజమే. కానీ మీరు చూపించిన ఎస్ఈ కాదు.

కాబట్టి నా పద్ధతి ఇది. శీర్షికలోని ధర బల్ల మీదున్న ఫోనుది. ఆ రకానిది, ఆ నిల్వది. ప్రకటనల్లో "ధర ఇంత నుంచి మొదలు" అని రాసేది కాదు, రెండు రోజులు ఉండి పోయే తగ్గింపు ధర కూడా కాదు. 64 జీబీ రకం తెచ్చుకుంటే 400 లోపు అని హాయిగా రాసుకోవచ్చు, నిల్వలో పిక్సెల్‌ది పైచేయి అని వీడియోలో చెప్పవచ్చు. 128 జీబీ తెచ్చుకుంటే "300–450 డాలర్ల మధ్య" అని రాయాలి. రెండు ఫోన్లూ ఒకే హద్దులో ఇమడకపోతే హద్దు రాయడమే మానేయాలి. ఒకటి 350, ఇంకొకటి 500 అయితే "500 లోపు" అని రాయడం గణితం ప్రకారం నిజమే కానీ, 350 ఫోను వెతుక్కునేవాడికి ఆ శీర్షిక ఏమీ చెప్పదు.

ఇంతకూ ఆ 500 ఉదాహరణ ఊరికే చెప్పలేదు. అదే ఏడాది పిక్సెల్ 4ఎ 5జి వచ్చింది, 499 డాలర్లు. పేరు చూస్తే 4ఎకి 5జి కలిపినట్టే ఉంటుంది. కాదు. తెర పెద్దది, చిప్పు వేరు, వెనుక ఇంకో కెమెరా అదనం. ఏ52లో తోక ఉన్నా లేకపోయినా బయట ఒకటే. ఇక్కడ తోక పడితే ఫోను ఆకారమే మారిపోయింది. ధర తేడా 150 డాలర్లు. అందుకని ఈ శీర్షికలో ధర హద్దు ఇంకో పని కూడా చేస్తోంది. 400 లోపు అని ఉండడం వల్ల చదివేవాడికి ఇది 499 డాలర్ల ఫోను కాదని తెలిసిపోతుంది. ధర సరిగ్గా రాస్తే పేరుకు కాపలా కాస్తుంది. చివరికి శీర్షిక ఇలా తేలింది:

"iPhone SE (2020) vs Pixel 4a: 400 డాలర్ల లోపు ఏది మేలు?"

మొదటిదానికీ దీనికీ తేడా ఒక కుండలీకరణం. అంతే కదా అనిపిస్తుంది. కానీ దీన్ని 64 జీబీ ఫోనుతో చేస్తేనే ఇది నిజం, 128తో చేస్తే కాదు. ఆ నిర్ణయం శీర్షిక రాసేటప్పుడు తీసుకునేది కాదు, ఫోను కొనేటప్పుడే తీసుకోవాలి. నేను ఇప్పుడు శీర్షిక ముందు రాసుకుని తరువాత ఫోను తెప్పించుకుంటున్నాను. నా మిత్రులు నవ్వుతారు, నవ్వనివ్వండి.

ఏడాది గురించి చెబుతానన్నాను. ఒక శీర్షికలో ఏడాది మూడు రకాలుగా రావచ్చు. ఫోను పేరులోని ఏడాది, ఫోను విడుదలైన ఏడాది, వీడియో చేసిన ఏడాది. మోటరోలా వాళ్లు మోటో జి పవర్ అనే పేరునే ఏటేటా వాడి పక్కన ఏడాది పెడతారు. 2021, 2022 అలా. ఇప్పుడు 2021 నాటి ఫోనును 2023లో పరీక్షించి, శీర్షికలో "Moto G Power 2021 2023" అని రాస్తే అది ఎవరికి అర్థమవుతుంది? టెలిఫోను నంబరులా ఉంటుంది.

ఇక్కడ మన భాష మనకు చేసిన ఉపకారం ఒకటి ఉంది. తెలుగులో విభక్తి ఉంది. పేరులోని ఏడాదిని కుండలీకరణంలో అంకెగా వదిలేయండి, వీడియో ఏడాదికి "లో" తగిలించండి. Moto G Power (2021): 2023లో కొనవచ్చా? ఇక రెండూ కలగాపులగం కావు. (2021) అంటే అదొక వస్తువు, 2023లో అంటే అదొక కాలం. ఒక్క "లో" ఎంత పని చేసిందో చూడండి. విడుదలైన ఏడాదిని శీర్షికలో పెట్టనే పెట్టను. పేరులో లేకపోతే, అయోమయం లేకపోతే, అది వివరణలో ఉంటే చాలు.

ధర దగ్గర కూడా ఇలాంటిదే. "400లో" అంటే ఒకరికి 400లోపు, ఇంకొకరికి దాదాపు 400. "400కి" అంటే సరిగ్గా అంతే అనిపిస్తుంది. "లోపు" అంటే ఆ అంకె దాటదు. "మధ్య" అంటే రెండు హద్దులు. "దాకా" అంటే ఆ అంకె కూడా కలుస్తుంది. మీరు అనుకున్నది ఏదో దానికి తగిన మాటే వేయండి. నేను ఎక్కువగా "లోపు", "మధ్య" రెండే వాడతాను.

విభక్తిని ఫోను పేరుకు మాత్రం అతికించకండి. "A52లో", "8iకి" అని రాస్తే పేరు ఎక్కడ ముగిసిందో కన్ను పట్టుకోలేదు. పేరును తెర మీద కంపెనీ రాసినట్టే ఇంగ్లిషు అక్షరాల్లో రాసి, తరువాత ఒక ఖాళీయో, రెండు చుక్కలో పెట్టి, ఆ తరువాత తెలుగు మొదలుపెట్టండి. వెతికేవాళ్లు కూడా ఎక్కువగా పేరును ఇంగ్లిషు అక్షరాల్లోనే కొడతారు.

యూట్యూబులో శీర్షికకు హద్దు 100 అక్షరాలు. తెలుగులో రాసేవాళ్లకు ఆ వంద త్వరగా ఖర్చవుతుంది, ఎందుకో చాలామంది గమనించరు. కంప్యూటరు లెక్కలో గుణింతం గుర్తు విడిగా ఒకటి, పొల్లు విడిగా ఒకటి. "ఫోను" అనే మాట మన కంటికి రెండక్షరాలు, దాని లెక్కలో నాలుగు. "స్క్రీన్" మనకు రెండే, దానికి ఎనిమిది. "స్మార్ట్‌ఫోన్" అయితే పదమూడు, అందులో ఒకటి కంటికి కనిపించనే కనిపించదు. ట్-కూ ఫో-కూ మధ్య అవి అతుక్కోకుండా ఆపే గుర్తు అది. ఫోను అంటే సరిపోయే చోట స్మార్ట్‌ఫోన్ అని రాస్తే తొమ్మిది అక్షరాలు వృథా. ఆ తొమ్మిదిలో ఒక " (2020)" ఇమిడి, ఇంకా మిగులుతుంది. పైన రాసుకున్న ఎస్ఈ శీర్షిక మొత్తం లెక్కపెడితే 55 వచ్చింది. నిండా వంద వాడాలని నియమం ఏమీ లేదు.

చోటు చాలకపోతే ఏది తీసేయాలి అంటారా? మొదట విశేషణాలు. అదిరిపోయే, దిమ్మతిరిగే, అసలు నిజం, ఇవన్నీ. తరువాత "పూర్తి పోలిక", "తెలుగులో" లాంటివి. తరువాత ధర. తోకను మాత్రం చివరి దాకా ముట్టుకోకండి. తోక తీయవలసి వచ్చిందంటే ఆ వీడియోలో ఫోన్లు ఎక్కువయ్యాయన్న మాట.

ప్రశ్నలు ఉంటే అడగండి. చెప్పమ్మా.

("సర్, మూడు ఫోన్లు ఒకే కుటుంబానివైతే ప్రతిసారీ పూర్తి పేరు రాయాలా? చోటు సరిపోదు కదా.")

ఒకే కుటుంబమైతే అక్కర్లేదమ్మా. ఇంటిపేరు ఒకసారి రాసి, తోకలు వరుసగా పెట్టవచ్చు. Galaxy A52 4G vs A52 5G vs A52s 5G అంటే గెలాక్సీ ఒకసారే చాలు. కానీ "A52 4G / 5G / s" అని మరీ కుదించవద్దు. ఒంటరి s ని చూసి ఎవరికీ ఏమీ తోచదు. అంకె తోకతోనే ఉండాలి. వేర్వేరు కంపెనీల ఫోన్లు మూడు ఉంటే మాత్రం నేను రెండు వీడియోలు చేస్తాను.

("ప్లస్ గుర్తు వేయాలా, మాటగా రాయాలా?")

మంచి ప్రశ్న. Redmi Note 13 Pro+ అని కంపెనీ రాస్తే శీర్షికలో అలాగే. కానీ దాని పక్కన ఖాళీ ఉంచి ఇంకో మాట రాస్తే ఆ గుర్తు "ఇంకా" అన్నట్టు కూడా కనిపిస్తుంది, Pro + ఛార్జర్ అన్నట్టు. అందుకని గుర్తును పేరుకు అంటించే ఉంచి, వెంటనే vs గానీ రెండు చుక్కలు గానీ రానివ్వండి. వివరణలో Pro Plus అని మాటగా కూడా ఒకసారి రాయండి, అలా వెతికేవాళ్లు ఉంటారు.

("పాత వీడియోల శీర్షికలు మార్చవచ్చా? జనవరి రాగానే చాలామంది ఏడాది మారుస్తుంటారు.")

ఇందులో రెండు వేర్వేరు పనులు ఉన్నాయి. 2016లో "iPhone SE" అని రాసినవాళ్లు తప్పు చేయలేదు. ఆ రోజు ఎస్ఈ ఒక్కటే. 2020లో తమ్ముడు పుట్టాక ఆ శీర్షిక అయోమయంగా మారింది. వెనక్కి వెళ్లి (2016) చేర్చడం సరైన పని. నేను ప్రతి కొత్త ఫోను ప్రకటన రాగానే, దాని పేరులో నా పాత శీర్షికల్లోని పేరు ఏదైనా దాక్కుని ఉందా అని చూసుకుంటాను. పిక్సెల్ 4ఎ 5జి వచ్చినప్పుడు అదే చేయవలసి వచ్చింది. ఇక రెండో పని, "2022లో కొనవచ్చా" అన్నదాన్ని కూర్చున్న చోటే "2023లో" అని మార్చడం. ఫోను మళ్లీ తీయలేదు, ధర మళ్లీ చూడలేదు, కొత్త పోటీ ఫోన్లు చూడలేదు. పేరుకు చేర్చిన ఏడాది వీడియోను ఇంకా నిజం చేస్తుంది, కాలానికి మార్చిన ఏడాది దాన్ని అబద్ధం చేస్తుంది. ఆ ఫోనును మళ్లీ వారం వాడి, కొత్త వీడియో చేసి, దానికి కొత్త ఏడాది పెట్టుకోండి.

ఆ పెద్దాయన వీడియో శీర్షిక కూడా ఆ రోజే మార్చాను. Galaxy A52 తరువాత ఒక ఖాళీ, ఒక 5, ఒక G చేర్చాను. ఆయనకు జవాబు రాస్తూ, మీ ఫోనులో తెర వేగం 90 ఎంచుకుని ఉందో, 60 ఎంచుకుని ఉందో ఒకసారి తెర సెట్టింగులలో చూడమన్నాను. 60లో ఉంది. 90కి మార్చుకున్నారు. "ఇప్పుడు కొంచెం జారుతోంది" అని రాశారు.